ఘర్షణ పెంచే వేగం

2010 సెప్టెంబర్ 9, సాయంత్రం 6 గంటల 11 నిమిషాలకు కాలిఫోర్నియాలోని శాన్ బ్రూనోలో క్రెస్ట్‌మూర్ అనే కాలనీ నడిబొడ్డున నేల పేలింది. వీధి కింద పాతిన 30 అంగుళాల సహజవాయువు గొట్టం పగిలి, 28 అడుగుల పొడవున్న ఇనుప ముక్క ఎగిరి వంద అడుగుల దూరంలో పడింది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయం పక్కనే ఉండడంతో విమానమేదో కూలిందని చాలామంది అనుకున్నారు. ఎనిమిది మంది చనిపోయారు, 38 ఇళ్లు పూర్తిగా ధ్వంసమయ్యాయి. పగిలిన చోటికి గ్యాసు రాకుండా ఆపడానికి 95 నిమిషాలు పట్టింది.

గొట్టం ఎందుకు పగిలిందో దర్యాప్తు తేల్చింది. 1956లో వేసిన ఆ భాగంలో అతుకు సరిగా లేదు. ఆ రోజు మిల్పిటాస్ టెర్మినల్‌లో విద్యుత్ పనులు జరుగుతుండగా పీడనం పెరిగింది. ఈ వ్యాసం పగులు గురించి కాదు, పగిలిన తర్వాతి 95 నిమిషాల గురించి.

ఆ సమయంలో గొట్టంలోని పీడనం చదరపు అంగుళానికి 386 పౌండ్లు. బయటి గాలి పీడనంతో పోలిస్తే దాదాపు 27 రెట్లు. మిల్పిటాస్ నుంచి పగిలిన చోటికి 39 మైళ్ల పైచిలుకు, అంటే 63 కిలోమీటర్లు. అంత పొడవు గొట్టంలో పట్టే గ్యాసు సుమారు 500 టన్నులు. ఇంత పీడనంలో ఉన్న పెద్ద ట్యాంకుకు ఇదే వెడల్పున్న పొట్టి గొట్టం తగిలించి తెరిస్తే సెకనుకు రెండు టన్నుల గ్యాసు బయటికి దూకుతుంది. ఆ లెక్కన క్రెస్ట్‌మూర్ గొట్టం పది నిమిషాల లోపే చాలావరకు ఖాళీ అయిపోవాలి.

అలా జరగలేదు. అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ లెక్క ప్రకారం బయటికి పోయిన గ్యాసు 4 కోట్ల 76 లక్షల ఘనపుటడుగులు. బరువులో చెబితే వెయ్యి టన్నులకు కాస్త తక్కువ. 95 నిమిషాలకు సగటు తీస్తే సెకనుకు 170 కిలోలే, అదీ రెండు కొసలూ కలిపి. గొట్టం రెండు పక్కలా పూర్తిగా నోరు తెరుచుకుని ఉంది, అడ్డుగా ఏ కవాటమూ లేదు. మరి గ్యాసును పట్టి ఉంచిందెవరు?

గొట్టం గోడే. అయితే అది పట్టి ఉంచిన తీరు మనం ఊహించే తీరు కాదు.

నెమ్మది కావలసింది పరుగెత్తుతుంది

ఘర్షణ అనగానే వేగం తగ్గడమే తలపుకొస్తుంది. నీటి గొట్టంలో ఘర్షణ పీడనాన్ని తినేస్తుంది, వేగం మాత్రం ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకేలా ఉంటుంది. నీరు నలగదు, సాగదు. అందువల్ల ఈ కొసన ఎన్ని లీటర్లు దూరితే ఆ కొసన అన్నే లీటర్లు వస్తాయి.

వాయువు సంగతి వేరు. గోడ రాపిడిని ఎదుర్కొని ముందుకు సాగాలంటే వెనక పీడనం ఎక్కువగా, ముందు తక్కువగా ఉండాలి. ముందుకు పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది. పీడనం తగ్గితే వాయువు వ్యాకోచిస్తుంది, పలచబడుతుంది. గొట్టం వెడల్పు మాత్రం మారదు. సెకనుకు వంద కిలోలు లోపలికి వస్తుంటే వంద కిలోలూ ప్రతి అడ్డుకోతనూ దాటి పోవాలి. పలచబడిన వాయువు అదే సందులోంచి అంతే బరువుతో పోవాలంటే దానికి ఒక్కటే దారి, వేగం పెంచుకోవడం. అంటే ఘర్షణ వాయువు పీడనాన్ని తగ్గిస్తుంది, తగ్గిన పీడనం వాయువును పరుగెత్తిస్తుంది. గొట్టం ఎంత గరుకుగా ఉంటే ఆ పరుగు అంత త్వరగా ఊపందుకుంటుంది.

వేగం పెరగడానికీ ఖర్చు ఉంది. కదిలే వాయువును ఇంకా వేగంగా తోయాలంటే మళ్లీ పీడనమే కావాలి. కాబట్టి పడిపోయే పీడనం రెండు పద్దుల కింద ఖర్చవుతుంది. ఒకటి గోడ రాపిడి, రెండోది వాయువును వేగిరపరచడం. రెండో పద్దు కింద ఖర్చయిన పీడనం కూడా వాయువును పలచబరుస్తుంది, దాంతో ఇంకా వేగం కావలసివస్తుంది, దానికి ఇంకొంత పీడనం. ఇది వడ్డీ కట్టడానికి అప్పు చేసే మనిషి పరిస్థితి. మొదట్లో వడ్డీ కొద్దిగానే ఉంటుంది. వాయువు వేగం ధ్వని వేగంలో పదో వంతు ఉన్నప్పుడు, పడే పీడనంలో నూటికి ఒక వంతు మాత్రమే ఈ రెండో పద్దుకు పోతుంది. ధ్వని వేగంలో సగానికి చేరేసరికి అది మూడో వంతుకు దగ్గరపడుతుంది. సరిగ్గా ధ్వని వేగం దగ్గర పడే పీడనమంతా వడ్డీకే పోతుంది, అసలుకు, అంటే గోడ రాపిడికి ఏమీ మిగలదు.

ప్రవాహం అక్కడితో ఆగాలి. సమాన వెడల్పున్న గొట్టంలో ఘర్షణ వాయువును ధ్వని వేగం దాకా తీసుకుపోగలదు, ఆపైకి తీసుకుపోలేదు. ఆ స్థితినే చోకింగ్ అంటారు. అది గొట్టం మధ్యలో రాదు, ఎప్పుడూ కొసనే వస్తుంది. మధ్యలోనే వచ్చేస్తే మిగిలిన గొట్టంలో రాపిడికి చెల్లించడానికి ఏమీ ఉండదు కదా.

> ఫ్యానో ఎవరు?
>
> జీనో ఫ్యానో ఇటలీకి చెందిన ఇంజినీరు. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ సాంకేతిక విద్యాలయంలో 1904లో డిప్లొమా పరిశోధనగా ఈ ప్రవాహాన్ని విశ్లేషించాడు. అప్పట్లో అక్కడ ఆవిరి టర్బైన్ల శాస్త్రానికి పెద్ద దిక్కు ఔరెల్ స్టొడోలా. ఫ్యానో పెట్టుకున్న షరతులు మూడు: గొట్టం వెడల్పు మారకూడదు, గోడ గుండా వేడి లోపలికి రాకూడదు, బయటికి పోకూడదు, గోడ దగ్గర ఘర్షణ ఉండాలి. ఈ షరతుల్లో వాయువు వెళ్లగల స్థితులన్నీ ఒక గీత మీద పడతాయి. ఘర్షణ ఎంట్రోపీని పెంచుతూనే పోతుంది, తగ్గించదు. ఆ గీత మీద ఎంట్రోపీ గరిష్ఠంగా ఉండే బిందువు సరిగ్గా ధ్వని వేగం దగ్గరుంటుంది. అందుకే ఆ బిందువును దాటి ముందుకు పోవడం కుదరదు.

గొట్టం వెంట ఒక నడక

మిల్పిటాస్ దగ్గర పీడనం 386 పౌండ్ల వద్దే నిలిచి ఉందనీ, గొట్టం మధ్యలో ఎక్కడా కొమ్మలు లేవనీ అనుకుని, సహజవాయువును మీథేన్‌గా తీసుకుని నేను వేసిన లెక్క ఇది. నిజమైన గొట్టానికి ఇతర లైన్లతో అనుసంధానాలున్నాయి, పీడనమూ మారుతూ వచ్చింది. అందువల్ల ఈ అంకెలను దర్యాప్తు నివేదిక అంకెలుగా తీసుకోవద్దు. ప్రవాహం ఆకారం ఎలా ఉంటుందో చూడటానికి మాత్రం ఇవి చాలు. ఈ వాయువులో ధ్వని వేగం సెకనుకు 440 మీటర్ల చుట్టుపక్కల.

మిల్పిటాస్ దగ్గర గొట్టంలోకి దూరే గ్యాసు గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోతుంది. సిటీ బస్సు వేగం. 40 కిలోమీటర్లు పైగా ప్రయాణం చేసి, పగిలిన చోటికి ఇంకా 20 కిలోమీటర్లు ఉందనగా, వేగం 80కి చేరుతుంది. అంటే మూడింట రెండొంతుల దారి పూర్తయ్యాక కూడా వేగం రెట్టింపు కూడా కాలేదు. ఐదు కిలోమీటర్లు మిగిలేసరికి 160. ఆరువందల మీటర్లు మిగిలేసరికి 400. చివరి 80 మీటర్ల దగ్గర 780. ఆ కాస్త దూరంలో వేగం మళ్లీ దాదాపు రెట్టింపై, కొసన గంటకు 1480 కిలోమీటర్ల దాకా పోవాలని చూస్తుంది. అరవై మూడు కిలోమీటర్లలో జరిగినదానికి సమానమైన మార్పు ఆ చివరి ఎనభై మీటర్లలో జరుగుతుంది. చోకింగ్ దగ్గరపడే తీరు ఇదే. చాలాసేపు ఏమీ జరగనట్టు ఉంటుంది, చివర్లో అంతా ఒక్కసారిగా జరుగుతుంది.

ఈ లెక్కలో బయటికి వచ్చేది సెకనుకు సుమారు 100 కిలోలు. ట్యాంకుకు పొట్టి గొట్టం తగిలించినప్పుడు వచ్చే రెండు టన్నులతో పోలిస్తే ఇరవయ్యో వంతు. ఎన్‌టీఎస్‌బీ చెప్పిన మొత్తం నుంచి వచ్చిన సగటు, రెండు కొసలకూ కలిపి, 170. ఇంత మొరటు లెక్క అంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టం ఉంది కానీ, ఆ మోతాదును నిర్ణయించింది గోడ రాపిడే అన్న సంగతిలో అనుమానం లేదు.

ఇంకో చిన్న మెలిక ఉంది. కొసన ధ్వని వేగం రావాలంటే ఈ లెక్క ప్రకారం అక్కడి పీడనం బయటి గాలి పీడనంలో మూడు వంతుల కంటే కూడా కొంచెం తక్కువ ఉండాలి. ధ్వని కంటే నెమ్మదిగా వచ్చే వాయువు బయటి గాలి కంటే తక్కువ పీడనంతో బయటికి రాలేదు. అందువల్ల 63 కిలోమీటర్ల దూరం నుంచి స్థిరంగా వచ్చే ప్రవాహం చోకింగ్ అంచు దాకా వచ్చి, ధ్వని వేగంలో సుమారు మూడు వంతుల దగ్గర ఆగిపోతుంది. అదే 20 కిలోమీటర్ల దూరంలోనే పూర్తి పీడనం ఉంటే చోకింగ్ నిజంగానే వస్తుంది, మోతాదు 180 కిలోలవుతుంది. ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటే 350. పగిలిన తొలి సెకన్లలో పక్కనే ఉన్న గ్యాసంతా పూర్తి పీడనంలోనే ఉంటుంది కాబట్టి ఒక్కో కొస నుంచి సెకనుకు టన్నుకు పైగా దూసుకొచ్చి ఉండాలి. తర్వాత దగ్గరి గ్యాసు అయిపోయేకొద్దీ ఇంకా ఇంకా దూరం నుంచి రావలసి వస్తుంది, గోడ తన వాటా తీసుకుంటుంది, మోతాదు పడిపోతూ పోతుంది. మంటలు మొదట ఆకాశాన్నంటి, తర్వాత తగ్గినా ఆరకుండా గంటకు పైగా నిలబడటానికి కారణం ఇదే.

ఫ్యానో షరతుల్లో ఒకటి ఇక్కడ పూర్తిగా సరిపోదు. నేలలో పాతిన గొట్టం 63 కిలోమీటర్ల పొడవునా మట్టి నుంచి వేడి తీసుకుంటుంది. గ్యాసు నెమ్మదిగా పోయే తొలి అరవై కిలోమీటర్లలో దాని ఉష్ణోగ్రత మట్టితో సమానంగానే ఉంటుంది. అయితే అంత తక్కువ వేగంలో రెండు లెక్కలకూ తేడా అతి స్వల్పం. చివరి కొన్ని వందల మీటర్లలో మాత్రం వేడి అందుకునే వ్యవధి గ్యాసుకు ఉండదు, చల్లబడుతూ పరుగెత్తుతుంది. ఫ్యానో నమూనా అవసరమైన చోట సరిగ్గా పనికొస్తుంది.

ఎంఐటీలో కొలిచి చూశారు

పై లెక్కలో గోడ గరుకుదనానికి నేను వాడిన ఘర్షణ గుణకం 0.011. అది నెమ్మదిగా పారే ద్రవాల గొట్టాల కోసం తయారైన పట్టికల తరహా అంకె. ధ్వని వేగం దగ్గర పరుగెత్తే వాయువుకు దాన్నే వాడవచ్చా అన్నది న్యాయమైన ప్రశ్నే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికాలో దీన్ని నేరుగా కొలిచారు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ, అదే ఎంఐటీలో, జోసెఫ్ కీనన్, ఎర్నెస్ట్ న్యూమన్ అనే ఇద్దరు నున్నటి గొట్టాల్లో గాలిని వదిలి, పొడవునా పీడనాలు కొలిచి, 1946లో ఫలితాలు ప్రచురించారు. ధ్వని కంటే నెమ్మదిగా పోయే గాలికి పాత పట్టికలే పనికొస్తాయని తేలింది. ఇంజినీర్లకు ఇది పెద్ద ఊరట.

వాళ్ల ప్రయోగంలో రెండో సగం ఇంకా ఆసక్తికరం. ధ్వనిని మించిన వేగంతో కూడా గాలిని గొట్టంలోకి పంపారు. అక్కడ ఘర్షణ స్వభావం తిరగబడుతుంది. ధ్వనిని మించిన గాలిని ఘర్షణ నెమ్మదింపజేస్తుంది, పీడనం పెంచుతుంది. రెండు వైపుల నుంచీ వచ్చిన ప్రవాహాలు ధ్వని వేగం దగ్గరే కలుసుకుంటాయన్న మాట. అయితే ఆ వైపు దారి చాలా పొట్టిది. గోడ మామూలు గరుకుతో ఉంటే, ఎంత అపారమైన వేగంతో గాలిని పంపినా, గొట్టం వెడల్పుకు నలభై రెట్ల దూరంలోనే అది ధ్వని వేగానికి దిగివస్తుంది. గొట్టం అంతకన్నా పొడవుంటే మధ్యలో ఎక్కడో ఆఘాత తరంగం పుట్టి, ప్రవాహం ఒక్క ఉదుటున ధ్వని కంటే తక్కువ వేగానికి పడిపోతుంది.  ధ్వనిని మించిన వేగంలో వాళ్లు కొలిచిన ఘర్షణ గుణకం పాత పట్టికల అంకెలో సుమారు సగమే ఉంది.

దూరం నుంచి చూస్తే ఏమీ తెలియదు

మళ్లీ శాన్ బ్రూనోకు వద్దాం. ఘర్షణ నష్టాన్ని తగ్గించిందని ఇంతవరకూ చెప్పుకున్నాం. అది చేసిన ఇంకో పని నష్టాన్ని పెంచింది.

పగిలిన వార్త గొట్టం లోపల ధ్వని వేగంతోనే ప్రయాణిస్తుంది. క్రెస్ట్‌మూర్ నుంచి మిల్పిటాస్‌కు చేరడానికి రెండు నిమిషాల పైనే కావాలి. అది చేరేటప్పటికి గోడ రాపిడి దాని పదును అరగదీసి ఉంటుంది. పైన వేసిన లెక్కలో మిల్పిటాస్ దగ్గర వేగం ఎంత? గంటకు 45 కిలోమీటర్లు. అది పెద్ద గ్యాసు లైన్లలో అసాధారణమైన వేగం కాదు. అంటే గొట్టం పూర్తిగా తెగిపోయి, ఆ కొసన వాయువు ధ్వని వేగానికి దగ్గరగా పోతున్నా, ఈ కొసన మీటరు చూసేవారికి ఊళ్లో వాడకం పెరిగినట్టు కనిపిస్తుందే తప్ప, ప్రళయం వచ్చినట్టు కనిపించదు. చోకింగ్ వచ్చాక కొసన ఏం జరిగినా దాని జాడ వెనక్కి రాదు. కొసను బట్టి కాక, గొట్టం పొడవును బట్టి, వెనక పీడనాన్ని బట్టి మాత్రమే మోతాదు నిర్ణయమవుతుంది.

తెగిన చోటును పట్టించేది దగ్గరలో ఉన్న పీడనమాపకం. శాన్ బ్రూనో అవతల, లైను చివర ఉన్న మార్టిన్ స్టేషన్‌లో పీడనం బాగా పడిపోయిందన్న హెచ్చరికలు కొద్ది నిమిషాల్లోనే నియంత్రణ కేంద్రం తెరల మీద మోగాయి. కానీ ఏ లైను తెగిందో, ఎక్కడ తెగిందో ఆ హెచ్చరికలు చెప్పలేదు. మధ్యలో పీడనమాపకాలు దగ్గర దగ్గరగా ఉండి ఉంటే రెండు మాపకాల మధ్య పీడనం వాలు ఎంత నిటారుగా మారిందో చూసి పగులు ఎక్కడుందో చెప్పగలిగేవారు. ఎందుకంటే పీడనం పడిపోవడం గొట్టమంతటా సమానంగా ఉండదు, పగులు దగ్గర గోడకట్టినట్టు పడుతుంది. లైను పొడవునా తగిన దూరాల్లో మాపకాలు, పగుళ్లను గుర్తించే ఏర్పాటు పెట్టాలని ఎన్‌టీఎస్‌బీ ఆ కంపెనీకి, అంటే పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్‌కు, సిఫారసు చేసింది.

పగిలిన చోటుకు ఇరువైపులా సుమారు మైలు దూరంలోనే కవాటాలున్నాయి. అవి చేత్తో తిప్పి మూయాల్సినవి. సిబ్బంది వాహనాల్లో వచ్చి, వాటిని చేరి, తిప్పి మూసేసరికి గంటన్నర దాటింది.

> రెండు కవాటాల మధ్య ఎంత గ్యాసు?
>
> కవాటాల మధ్య దూరం రెండున్నర కిలోమీటర్లు. ఆ భాగంలో పూర్తి పీడనంలో పట్టే గ్యాసు సుమారు 20 టన్నులు. పగిలిన వెంటనే కవాటాలు మూసుకుపోగలిగితే బయటికి పోయేది ఇంచుమించు అంతే. నిజంగా పోయింది దాదాపు వెయ్యి టన్నులు. ఏ కవాటమూ క్షణంలో మూసుకోదు, పగులును గుర్తించడానికీ సమయం పడుతుంది. ఐదు నిమిషాల్లో మూసినా కూడా తొలి ఉప్పెన ఆగేది కాదు. దాని వెనక గంటన్నర పాటు వచ్చిన గ్యాసు మాత్రం చాలావరకు ఆగేది.

తొలి సెకన్లలో వచ్చే టన్నుల గ్యాసును ఏ కవాటమూ ఆపలేదు. అది దగ్గరలో నిల్వ ఉన్న గ్యాసు, దాన్ని నెమ్మదింపజేసేంత పొడవు గోడ దానికి తగలదు. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో 18 అంగుళాల గెయిల్ గొట్టం నుంచి వచ్చిన గ్యాసు అంటుకున్నప్పుడు ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ఘటన జరిగిన తీరు వేరు, కారణాలు వేరు. ఒక పోలిక మాత్రం ఉంది. ఇళ్ల మధ్య గ్యాసు లైను దెబ్బతింటే ఎక్కువ ప్రాణనష్టం మొదట్లోనే జరుగుతుంది. ఆ తర్వాత జరిగేది మంట ఇంటి నుంచి ఇంటికి పాకడం, అగ్నిమాపక దళం దగ్గరికి వెళ్లలేకపోవడం. కవాటం వేగంగా మూయడం వల్ల కలిగే మేలు ఈ రెండో భాగంలోనే. అది చిన్న మేలేమీ కాదు. కాకపోతే రిమోట్ కవాటాలు పెడితే సమస్య తీరిపోతుందని చెప్పేవాళ్లు మొదటి భాగం ఊసెత్తరు. మొదటి భాగానికి మందు ఒక్కటే, గొట్టం పగలకుండా చూసుకోవడం.

అమెరికా పైపులైన్ల భద్రతా విభాగం 2022 ఏప్రిల్‌లో కొత్త నియమం తెచ్చింది. ఆరంగుళాలు, అంతకు మించిన వెడల్పుతో కొత్తగా వేసే లైన్లలో, లేదా పెద్ద ఎత్తున మార్చే లైన్లలో, పగులును గుర్తించిన తర్వాత వీలైనంత త్వరగా, ఆలస్యమైనా 30 నిమిషాల లోపు మూసుకోగల కవాటాలు ఉండాలన్నది దాని సారం. గుర్తించిన తర్వాత 30 నిమిషాలు; గుర్తించడానికి పట్టే సమయం అందులో లేదు. మామూలుగా ఉంచేసిన పాత గొట్టాలకు ఆ నియమం వర్తించదు.